సంతకం కంపెనీది, సొమ్ము కుటుంబానిది

1980 అక్టోబరులో ఢిల్లీ డెవలప్‌మెంట్ అథారిటీ ఝండేవాలాన్ ప్రాంతంలో ఒక ప్లాటును వేలం వేసింది. వాణిజ్య భవనం కట్టుకోవడానికి ఇచ్చే స్థలం అది. స్కిప్పర్ కన్‌స్ట్రక్షన్ అనే ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ 9.82 కోట్ల రూపాయలకు పాడుకుంది. పాతిక శాతం కట్టి, మిగతాదానికి గడువు అడిగింది. గడువు మీద గడువు వచ్చింది, ఏళ్లు గడిచాయి, బాకీ మాత్రం తీరలేదు. కట్టడం పూర్తికాక ముందునుంచే ఆ భవనంలో స్థలం ఇస్తామంటూ కంపెనీ జనం దగ్గర అడ్వాన్సులు వసూలు చేసింది. ఒకే జాగాను ఒకరికి మించి అమ్మిన సందర్భాలు కూడా ఉన్నాయి.

వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. కొత్తగా ఎవరికీ హక్కులు కల్పించవద్దని 1991 జనవరిలో కోర్టు ఆదేశించింది. అయినా కంపెనీ పత్రికలో ప్రకటన ఇచ్చి, మరో పదకొండు కోట్ల రూపాయల దాకా వసూలు చేసింది.

డబ్బు కట్టినవాళ్లు ఇప్పుడు ఎవరిని అడగాలి? రసీదు ఇచ్చింది కంపెనీ, ఒప్పందం మీద ముద్ర కంపెనీది. కంపెనీ ఖాతాలో చూస్తే ఏమీ లేదు. దాన్ని నడిపిన కుటుంబానికి మాత్రం ఇళ్లున్నాయి, స్థలాలున్నాయి, వేరే పేర్లతో వేరే కంపెనీలున్నాయి. మామూలు చట్టం ప్రకారం ఆ ఆస్తుల జోలికి పోవడం అంత తేలిక కాదు. ఎందుకో తెలియాలంటే నూరేళ్ల వెనక్కి, లండన్‌కు వెళ్లాలి.

లండన్‌లో ఏరన్ సాలమన్ అనే బూట్ల వ్యాపారి ఉండేవాడు. 1892లో తన సొంత వ్యాపారాన్ని తానే పెట్టిన కంపెనీకి అమ్మాడు. వాటాదారులు ఏడుగురు ఉండాలని అప్పటి చట్టం. భార్య, కూతురు, నలుగురు కొడుకులు తలా ఒక్క వాటా తీసుకున్నారు. మిగిలినవి, ఇరవై వేలకు పైగా వాటాలు, ఆయనవే. అమ్మకం ధరలో కొంత భాగానికి కంపెనీ నుంచి పదివేల పౌండ్ల తాకట్టు పత్రాలు కూడా రాయించుకున్నాడు. కొద్దికాలానికే వ్యాపారం దెబ్బతింది. సరుకు అరువిచ్చినవాళ్లు, ‘కంపెనీ అంటే సాలమనే కదా, ఆయన దగ్గరే రాబట్టండి’ అన్నారు. కింది కోర్టులు వాళ్ల వైపే మొగ్గాయి. 1896లో హౌస్ ఆఫ్ లార్డ్స్ ఆ తీర్పులను తిప్పికొట్టింది. చట్టప్రకారం రిజిస్టరైన కంపెనీ వేరు, అందులో వాటాలున్న మనిషి వేరు. కంపెనీ అప్పు కంపెనీదే. మోసం చేసినట్టు రుజువు లేనప్పుడు, వాటాలన్నీ ఒకడివే అయినంత మాత్రాన అతన్ని పట్టుకోవడానికి వీల్లేదు.

మన కంపెనీల చట్టానికి కూడా పునాది ఇదే. పెట్టుబడి పెట్టినవాడు పెట్టినంత వరకే పోగొట్టుకుంటాడు, ఇల్లూ వాకిలీ పోవు. ఆ భరోసా లేకపోతే కొత్త వ్యాపారానికి చెయ్యి వేసే ధైర్యం చాలామందికి ఉండదు. కంపెనీకీ దాని వెనకున్న మనుషులకూ మధ్య ఉన్న ఈ అడ్డునే న్యాయవాదులు కార్పొరేట్ తెర అంటారు.

స్కిప్పర్ కేసులో సుప్రీంకోర్టు ఈ తెరనే పక్కకు లాగింది. 1996 మే నెలలో వచ్చిన ఆ తీర్పు రాసింది జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసి పైకి వెళ్లిన న్యాయమూర్తి. అంతకుముందే, 1995లో, ఉత్తర్వును ధిక్కరించినందుకు కంపెనీని నడిపిన భర్తకు ఆరు నెలలు, భార్యకు ఒక నెల జైలు శిక్ష పడింది. అయితే జైలు శిక్షతో అడ్వాన్సులు కట్టినవాళ్ల డబ్బు తిరిగి రాదు. దాన్ని రాబట్టడానికి భార్యాభర్తల ఆస్తులతో పాటు వాళ్ల పిల్లల ఆస్తులనూ కోర్టు జప్తు చేయించింది. తమ కంపెనీలు, తమ ఆస్తులు వేరని, ఆ బాకీతో సంబంధం లేదని కుటుంబం వాదించింది.

జీవన్‌రెడ్డి జవాబు సూటిగా ఉంది. కంపెనీకి విడి అస్తిత్వం ఇచ్చింది వ్యాపారాన్ని ప్రోత్సహించడానికి. చట్టవిరుద్ధ పనులు చేయడానికో, జనాన్ని మోసం చేయడానికో కాదు. అలాంటి పనికి కంపెనీని వాడుకుంటే కోర్టు ఆ రూపాన్ని పట్టించుకోదు, వెనకున్న వాస్తవాన్నే చూస్తుంది. ఒక కుటుంబం ఎన్ని కంపెనీలు పెట్టినా, అవి ముసుగులేనని తేలితే అన్నింటినీ ఆ కుటుంబం చేతిలోని ఒకే వ్యాపారంగా లెక్కిస్తుంది. పది కోట్ల రూపాయలు కట్టాలని, కట్టకపోతే జప్తులో ఉన్న ఆస్తులను అమ్మాలని కోర్టు ఆదేశించింది. బాధితులకు పూర్తి న్యాయం చేయడానికి రాజ్యాంగం 142వ అధికరణం సుప్రీంకోర్టుకు ఇచ్చిన అధికారాన్ని ఇందుకు ఆసరాగా తీసుకుంది. మామూలు సివిల్ కోర్టుకు ఆ అధికారం లేదు. ఈ తీర్పు చదివి ప్రతి కేసులోనూ అదే జరుగుతుందని ఆశపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

నా ఉద్దేశంలో ఇందులో అందరికీ పనికొచ్చే అంశం, కోర్టు చూసిన కోణం. వాటాలు ఎవరివి అన్న ప్రశ్న ఒక్కటే అయితే సాలమన్ తీర్పు ముందే జవాబు చెప్పింది. జనం కట్టిన సొమ్ము ఎటు పోయింది, కంపెనీని ఏ పనికి వాడారు అన్నదే ఇక్కడ అసలు విచారణ. అందుకే నష్టం రావడం వేరు, సొమ్ము మళ్లించడం వేరు. నిజాయితీగా నడిపి దివాలా తీసినవాడి ఇంటిమీదికి కోర్టు పోదు, పోకూడదు కూడా.

ఈ హద్దును సుప్రీంకోర్టు 2014లో మళ్లీ గట్టిగా చెప్పింది. ఎయిరిండియా క్యాంటీన్ కార్మికులు తమను ఎయిరిండియా ఉద్యోగులుగా గుర్తించాలని అడిగారు. ఆ క్యాంటీన్ నడిపిన హోటల్ కార్పొరేషన్ వాటాలన్నీ ఎయిరిండియావే. అయినా కోర్టు ఒప్పుకోలేదు. యాజమాన్యం, అదుపు ఉన్నంత మాత్రాన సరిపోదు. బాధ్యత తప్పించుకోవడానికే ఆ కంపెనీని అడ్డం పెట్టుకున్నారని చూపాలంది. కార్మికులకు అది చేదు తీర్పే.

డైరెక్టర్లు సొంత ఆస్తి పోగొట్టుకున్న వార్తలన్నీ తెర తొలగించిన కేసులు కావు. బ్యాంకు అప్పుకు వ్యక్తిగత హామీ సంతకం చేసిన డైరెక్టరు ఆ సంతకం వల్లే కడతాడు, తెరను కదపాల్సిన పనే లేదు. ప్రైవేటు కంపెనీ ఆదాయపు పన్ను ఎగ్గొట్టి, కంపెనీ నుంచి వసూలు కాకపోతే డైరెక్టర్ల నుంచి రాబట్టవచ్చని చట్టంలోనే ఉంది. తన నిర్లక్ష్యం వల్ల అలా కాలేదని నిరూపించుకునే భారం డైరెక్టరుదే. దివాలాకు వచ్చిన కంపెనీని అప్పులవాళ్లను మోసం చేసే ఉద్దేశంతో నడిపారని తేలితే, తెలిసి అందులో పాల్గొన్నవాళ్ల చేత సొంతంగా కట్టించే అధికారం దివాలా చట్టం కింద ట్రిబ్యునల్‌కు ఉంది. బంధువు అడిగాడని డైరెక్టరుగా పేరిచ్చి, ఏ కాగితం ఏమిటో చదవకుండా సంతకాలు పెట్టే అన్నదమ్ములు, భార్యలు మన ఊళ్లలో ఎందరో ఉన్నారు. వాళ్లు భయపడాల్సింది మొదట ఈ మూడింటికి.

ఫ్లాటుకో దుకాణానికో అడ్వాన్సు కట్టేవాళ్లకు ఒక మాట. తెర తొలగించమని కోర్టును అడిగే రోజు వస్తే, మీ చేతిలో ఉండాల్సింది సొమ్ము ఎటు పోయిందో చూపే కాగితం. ఒప్పందంలో ఉన్న కంపెనీ పేరిటే చెక్కు రాయండి. ‘మా అబ్బాయి ఖాతాలో వేయండి’, ‘మా ఇంకో కంపెనీ పేరు మీద ఇవ్వండి’ అన్నారంటే అక్కడే ఆగండి, ఆ మాట రాతలో ఇవ్వమనండి. రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు, పత్రికా ప్రకటన, అన్నీ భద్రంగా దాచుకోండి.