మడతకు ఇటూ అటూ

ఒక ఏ4 కాగితం ఇచ్చి సగానికి మడవమంటే ఒకటో తరగతి పిల్లలు నిలువుగానో అడ్డంగానో ఇట్టే మడిచేస్తారు. ఈసారి మూల నుంచి మూలకు మడవమనండి. అంచులు కలవవు, రెండు మూలలు చెరో పక్కకూ పొడుచుకొస్తాయి. "సగం రాలేదు టీచర్" అంటారు. నిజానికి వచ్చింది సగమే. ఆ మడత వెంట కత్తిరించి, ఒక ముక్కను గుండ్రంగా తిప్పి రెండోదాని మీద పెడితే అచ్చంగా సరిపోతుంది. సౌష్ఠవంలో మెలిక ఇక్కడే ఉంది. రెండు భాగాలు సమానమైతే చాలదు, మడిచినప్పుడు ఒకటి రెండోదాన్ని సరిగ్గా కప్పాలి. అందుకే దీర్ఘచతురస్రానికి అలాంటి మడతలు రెండే, చతురస్రానికి నాలుగు.

తరువాత సీతాకోకచిలుక. చాలా బళ్లలో దీన్ని బొమ్మలేసే పీరియడ్‌కి వదిలేస్తారు కానీ, లెక్క అంతా ఇందులోనే ఉంది. కాగితాన్ని ముందే మడిచి విప్పాలి. ఒక్క సగంలోనే, పోస్టర్ కలర్‌ను దోసెల పిండంత చిక్కగా, చుక్కలుగా పెట్టాలి. పలచనైతే మడత దగ్గర కలిసిపోయి మచ్చవుతుంది, ఆరిపోతే అవతలి రెక్క వెలిసినట్టు వస్తుంది. మడిచాక మడత నుంచి అంచువైపు అరచేత్తో నొక్కాలి. విప్పే ముందు మాత్రం ఆగి, మడతకు దూరంగా పెట్టిన ఎర్రచుక్క అవతల ఎక్కడ పడుతుందో పిల్లల్ని అడగండి. దూరంగా పెట్టింది అటూ దూరంగానే పడుతుందని, దగ్గరగా పెట్టింది దగ్గరగానే పడుతుందని వాళ్లే కనిపెడతారు.

అద్దం గీత వర్క్‌షీట్‌లో పనికొచ్చేది ఆ దూరమే. గళ్ల కాగితం మధ్యలో నిలువు గీత. దానికి ఎడమవైపు ఒక గడి దూరంలో జెండా కర్ర, జెండా ఎడమకు ఎగురుతోంది. కుడివైపు పూర్తి చేయమంటే చాలామంది కర్రను సరైన చోటే నిలబెడతారు గానీ జెండాను మళ్లీ ఎడమకే ఎగరేస్తారు. బొమ్మను తిరగేయకుండా పక్కకు జరిపారన్నమాట. తప్పని చెప్పేయకండి. గీత మీద చిన్న అద్దాన్ని, అంచులకు టేపు అంటించి, నిటారుగా నిలబెట్టి ఎడమవైపు నుంచి చూడమనండి. అద్దంలో జెండా కుడికి ఎగురుతుంది. అద్దం వాలితే బొమ్మ పక్కకు జరిగినట్టు కనిపిస్తుంది, కాబట్టి కాస్త పట్టుకోవాలి.

ఇంకో పొరపాటు, గళ్లను గీత నుంచి కాకుండా కాగితం అంచు నుంచి లెక్కపెట్టడం. గీత సరిగ్గా మధ్యలో ఉన్నంతకాలం ఇది బయటపడదు. అందుకే రెండో వర్క్‌షీట్‌లో గీతను కావాలనే ఒక పక్కకు జరిపి ఇవ్వాలి. ఏటవాలు గీతలను పెద్ద తరగతులకు వదిలేయడం మేలు. తప్పనిసరైతే, గీత నిలువుగా కనిపించేలా కాగితాన్నే తిప్పుకోమని చెప్పొచ్చు. చివరికి గీత వెంట మడిచి, కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంటే రెండు జెండాలూ కలిశాయో లేదో పిల్లలే చూసుకుంటారు.