మాట మీద పడ్డ ‘భౌ’

తాతయ్య చెప్పే పాత కబుర్లను మనవరాలు ఫోన్‌లో రికార్డు చేస్తోందనుకుందాం. తెల్లవారుజాము, ఇల్లంతా సద్దుమణిగి ఉంది. ‘‘ఆ ఏడు చెరువు కట్ట తెగింది’’ అని ఆయన ఆగేలోపే వీధిలో కుక్క ఒక్కసారి ‘భౌ’మంది. అరుపు సగం ‘తెగింది’ మీద, మిగతా సగం ఆ తర్వాతి విరామంలో పడింది.

ఆ ముక్క కత్తిరిస్తే మాట పోతుంది. విరామంలోని అరుపును చెరిపేసి పూర్తి నిశ్శబ్దం పెడితే ఇంకా ఎబ్బెట్టు. అప్పటిదాకా సన్నగా వినిపిస్తున్న ఫ్యాను హోరు హఠాత్తుగా ఆగిపోయి, అక్కడ గొయ్యి పడినట్టు తెలిసిపోతుంది.

స్పెక్ట్రల్ రిపేర్ శబ్దాన్ని బొమ్మలా చూపించి, బొమ్మ మీదే బాగు చేయనిస్తుంది. ఐజోటోప్ ఆర్‌ఎక్స్, అడోబీ ఆడిషన్ లాంటి సాఫ్ట్‌వేర్లలో ఈ సదుపాయం ఉంది. బొమ్మలో అడ్డంగా కాలం, నిలువుగా స్వరం ఎత్తు. శబ్దం ఎంత గట్టిగా ఉంటే అక్కడ అంత వెలుగు.

తాతయ్య గొంతు 120 హెర్ట్జ్ దగ్గర ఉంటే, అచ్చు పలికినప్పుడల్లా సుమారు 120కి ఒకటి చొప్పున గీతలు నిచ్చెన మెట్లలా కనిపిస్తాయి. కుక్క అరుపు గీతలు మాత్రం దూరందూరంగా, ఉదాహరణకు 650, 1300, 1950 దగ్గర, కాస్త వంగిన విల్లులా ఉంటాయి. చూపుతోనే రెండింటినీ వేరు చేయొచ్చు.

ముందు తేలిక పని. విరామంలోని అరుపును పైనుంచి కిందిదాకా ఎంచుకుని, ఆర్‌ఎక్స్‌లోని Replace నొక్కితే అటూ ఇటూ ఉన్న ఫ్యాను హోరును చూసి అలాంటిదాన్నే అక్కడ నింపుతుంది. చాలామంది ఇక్కడే ఒకటి మరిచిపోతారు. అరుపు ఆగినా దాని ప్రతిధ్వని గోడల మధ్య ఇంకాసేపు నిలుస్తుంది. ఆ మసక తోకనూ ఎంపికలో కలపకపోతే, కుక్క లేకపోయినా దాని నీడ వినిపిస్తుంది.

మాట మీద పడిన సగానికి ఓపిక కావాలి. పెద్ద డబ్బా గీయకుండా, ఒక్కో విల్లు గీత చుట్టూ సన్నని ఎంపిక గీసి Attenuate వాడాలి. చుట్టుపక్కల స్థాయిని చూసి అది ఆ గీతను మాత్రం తగ్గిస్తుంది. గొంతు గీతలు చాలావరకు అలాగే ఉంటాయి. గీతలు కలగలిసి కనిపిస్తే FFT సైజు పెంచాలి. అప్పుడవి విడివిడిగా తేలతాయి, కానీ అరుపు మొదలైన క్షణం అలుక్కుపోయినట్టు మసకబారుతుంది. అందుకే రెండు మూడు సైజులు మార్చి చూసుకోవాలి.

ఎక్కువ చెరిపితే మాట నీళ్లలోంచి వస్తున్నట్టు బుడబుడలాడుతుంది. హెడ్‌ఫోన్స్‌తో, అరుపుకి ముందూ వెనకా రెండేసి సెకన్లు కలిపి వింటే ఈ తప్పు బయటపడుతుంది. అలా వినిపిస్తే అన్‌డూ చేసి, ఎంపికను ఇంకా సన్నగా గీయాలి.

కుక్క అరుపు హల్లును పూర్తిగా మింగేస్తే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. అది నింపేది చుట్టుపక్కల శబ్దాన్ని బట్టి వేసిన అంచనానే. తాతయ్య అదే మాటను వేరేచోట చెప్పి ఉంటే ఆ ముక్క తెచ్చి అతికించుకోవచ్చు. ఏం చేసినా కాపీ మీదే చేయండి, కుక్క అరుపుతో ఉన్న అసలు ఫైలును అలాగే దాచుకోండి.