రెండు బోర్డులు... ఒకే ఇల్లు!

గేటుకి రెండు బోర్డులుంటాయి. ఒకదాని మీద కోల్డ్ స్టోరేజీ కంపెనీ పేరు, రెండోదాని మీద లారీల కంపెనీ పేరు. లోపలికెళితే ఆఫీసు ఒకటే, గుమాస్తా ఒకడే, సంతకం పెట్టే చెయ్యీ ఒకటే. కానీ ఏడాదికి రెండు ఆడిట్లు, రెండు రిటర్నులు, రెండు ఫీజులు! 'ఎందుకొచ్చిన తంటా, రెండూ కలిపేస్తే పోలా' అనిపిస్తుంది ఎవరికైనా.

అనుకున్నంత తేలిక కాదు. కాగితాల మీద కంపెనీ అంటే ఓ మనిషిలాంటిది. దానికి ఆస్తులుంటాయి, అప్పులుంటాయి. అది మాయమైపోతే దానికి అప్పిచ్చిన వాళ్ల గతేంటి? అందుకే విలీనాల మీద ఒకప్పుడు హైకోర్టులు, 2016 డిసెంబరు నుంచి జాతీయ కంపెనీ లా ట్రైబ్యునల్ కాపలా కాస్తున్నాయి. అయితే నూటికి నూరు శాతం వాటా తనదే అయిన పిల్ల కంపెనీని తల్లి తనలో కలిపేసుకుంటే బయటివాళ్లకు పోయేదేమిటి? అలాంటి వాళ్ల కోసం అప్పుడే ఓ అడ్డదారి తెరిచారు. అదే 2013 కంపెనీల చట్టంలోని 233వ సెక్షన్. వాడుకలో ఫాస్ట్‌ట్రాక్ విలీనం.

ఏమేం తప్పుతాయి?

అన్నిటికన్నా ముందు ట్రైబ్యునల్ తప్పుతుంది. పిటిషన్ లేదు, వాయిదాల్లేవు. ఆ అధికారం కేంద్రప్రభుత్వం తరఫున రీజినల్ డైరెక్టర్‌ది. తెలుగు రాష్ట్రాల కంపెనీలైతే హైదరాబాద్‌లో ఉన్న కార్యాలయానికే వెళ్లాలి. ఎన్ని షేర్లకు ఎన్ని షేర్లివ్వాలో లెక్కగట్టే బాధా ఉండదు. పిల్ల షేర్లన్నీ తల్లివే కదా, తనకు తానే ఇచ్చుకునేదేముంది! ఆ షేర్లు రద్దయిపోతాయి, అంతే. యజమాని మారడు కాబట్టి మామూలుగా కాంపిటీషన్ కమిషన్ అనుమతీ అక్కర్లేదు. తల్లి స్టాక్ మార్కెట్లో నమోదైన కంపెనీ అయినా ఎక్స్ఛేంజీ నుంచి 'అభ్యంతరం లేదు' అన్న లేఖ తెచ్చుకోనక్కర్లేదు, పథకం కాపీని సమాచారం కోసం ఇస్తే చాలు.

తప్పని చోట ఉంది అసలు కథ.

తొంభై... గుర్తుంచుకోండి

మన కోల్డ్ స్టోరేజీ కుటుంబాన్నే తీసుకుందాం. ఊహించుకున్న కుటుంబమే అయినా ఇలాంటివి మన ఊళ్లలో కొల్లలు. తల్లి కంపెనీలో పది లక్షల షేర్లు. పెద్దన్నయ్యవి 5,80,000, తమ్ముడివి 3,00,000. మిగతా 1,20,000 డాలస్‌లో ఉంటున్న చెల్లెలివి. నాన్న పోయినప్పుడు ఆమె పేరున రాసినవి.

'మా ఇద్దరివీ కలిపితే 88 శాతం, ఇంకేం కావాలి' అన్నాడు పెద్దన్నయ్య.

ఆడిటరుగారు తల అడ్డంగా ఊపారు. మొత్తం షేర్లలో 90 శాతం ఒప్పుకోవాలి. మీటింగుకు వచ్చినవాళ్లలో కాదు, మొత్తంలో! అంటే చెల్లెలు కాదననక్కర్లేదు, జవాబివ్వకపోయినా చాలు, పథకం ఆగిపోతుంది. ఆస్తి పంపకాల దగ్గర అలిగి ఏళ్ల తరబడి ఫోన్ చెయ్యని చెల్లెలికి అప్పుడు ఫోన్ చెయ్యాల్సిందే.

లిస్టెడ్ కంపెనీలు ఈ దారి తొక్కడానికి వెనకాడేదీ ఇక్కడే. ప్రమోటర్లకు 60, మ్యూచువల్ ఫండ్లకు 20 శాతం ఉందనుకోండి. మిగతా 20 శాతం దేశమంతా చెదిరి ఉన్న చిన్న మదుపరులది. మనలో ఎంతమంది ఈ-ఓటింగ్ మెయిల్ తెరిచి చూస్తాం? అందుకే చాలా కంపెనీలు ఆలస్యమైనా పాత దారినే ట్రైబ్యునల్‌కు వెళ్తున్నాయి. అక్కడ ఓటేసినవాళ్ల అప్పుల్లోనో షేర్లలోనో విలువ ప్రకారం ముప్పాతిక వంతు చాలు. ఈ దారా, ఆ దారా అన్నది కంపెనీ ఇష్టమే.

టైర్ల షాపాయన పవర్

అప్పులవాళ్ల దగ్గరా ఇదే పద్ధతి. విలువలో పదింట తొమ్మిది వంతుల అప్పులవాళ్లు ఒప్పుకోవాలి, అదీ రెండు కంపెనీల్లో విడివిడిగా. తల్లి కంపెనీకి ఐదు కోట్ల అప్పుంటే అందులో బ్యాంకుదే 4 కోట్ల 60 లక్షలు. బ్యాంకు ఒక్క ఉత్తరమిస్తే 92 శాతం వచ్చేసినట్టే. ఇవ్వకపోతే మిగతా అందరూ కలిసినా లాభం లేదు. బ్రాంచి నుంచి పై ఆఫీసుకు, అక్కడినుంచి కిందికి ఆ ఫైలు తిరిగేసరికి నెలలు పడుతుంటాయి.

లారీల కంపెనీకి 30 లక్షల బాకీలు. డీజిల్ బంకు, మెకానిక్కు, స్పేర్ పార్టుల షాపు... వీళ్లలో టైర్ల షాపాయనకు రావాల్సింది నాలుగు లక్షలు. కావాల్సింది 27 లక్షల సమ్మతి. ఆయన ఒక్కడు ఊఁ అనకపోతే 26 దగ్గర ఆగిపోతుంది. ట్రైబ్యునల్ దారిలోనైతే మొత్తం అప్పులో 5 శాతమన్నా తనదైతేనే అభ్యంతరం చెప్పే అర్హత. ఇక్కడ ఆ గీత లేదు. పథకం వల్ల తనకు నష్టమనుకున్న వారెవరైనా నోటీసు వెలువడిన 30 రోజుల్లో రాసివ్వొచ్చు, దాన్ని మీటింగులో పరిశీలించాల్సిందే. చిత్రంగా లేదూ? అనుమతులు తగ్గించిన దారిలో చిన్నవాడి మాటకు బరువు పెరిగింది. చివరికి పెద్దన్నయ్య చేసేదేమిటంటే, ముందు టైర్ల బాకీ తీర్చేయడం. అప్పుడు మిగిలిన 26 లక్షలవాళ్లూ సంతకం పెట్టేస్తారు.

సంతకాలకు ముందే రెండు కంపెనీల డైరెక్టర్లూ మా అప్పులు తీర్చగలం, ఏడాదిలోగా దివాలా తీయం అని డిక్లరేషన్ ఇవ్వాలి. లారీల కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి, కలిపేస్తే ఆ లెక్క మరుగున పడుతుందిలే అనుకునేవాళ్లు తడబడేది ఇక్కడే. ఇంకో పాత పొరపాటూ బయటపడుతుంటుంది. ప్రైవేటు కంపెనీకి ఇద్దరు సభ్యులుండాలి కాబట్టి పిల్ల కంపెనీలో ఒక్క షేరు ఎవరో బంధువు పేరున పెడతారు. అది తల్లి తరఫునే ఉందని అప్పట్లో డిక్లరేషన్ దాఖలు చేసి ఉంటే సరే. లేకుంటే రికార్డుల్లో వాటా నూటికి నూరు కాదు, 2025 సెప్టెంబరు దాకా అయితే ఈ తలుపూ తెరుచుకునేది కాదు.

అరవై రోజుల గడియారం

ఆమోదాలయ్యాక పథకం రీజినల్ డైరెక్టర్‌కు, రిజిస్ట్రార్‌కు, అఫీషియల్ లిక్విడేటర్‌కు వెళ్తుంది. తర్వాతి ఇద్దరికీ అభ్యంతరం చెప్పడానికి 30 రోజులు. ఎవరూ ఏమీ అనకపోతే మరో 15 రోజుల్లో డైరెక్టర్ ఉత్తర్వు ఇవ్వాలి. పథకం అందిన 60 రోజుల్లోగా ఏ నిర్ణయమూ రాకపోతే ఆమోదించినట్టేనని 2023 జూన్‌లో నిబంధన మార్చారు. డైరెక్టర్‌కు అనుమానమొస్తే తనంతట తాను కొట్టేయలేరు, ట్రైబ్యునల్‌కు పంపాలి. అంటే తప్పించుకున్నామనుకున్న గడప ముందే మళ్లీ నిలబడాలి.

2025 సెప్టెంబరులో ఈ దారిని ఇంకా వెడల్పు చేశారు. పిల్లలో పూర్తి వాటా లేని తల్లి కంపెనీలకూ, ఒకే తల్లి కింది అక్కచెల్లెళ్ల కంపెనీలకూ షరతుల మీద అవకాశమిచ్చారు. తొంభై శాతం నిబంధనలో మాత్రం సడలింపు ఇవ్వలేదు.

ఉత్తర్వు రిజిస్ట్రార్ దగ్గర నమోదైన రోజునే లారీల కంపెనీ రద్దవుతుంది. లిక్విడేషన్ లేదు, వేలం లేదు. దాని ఆస్తులు, బాకీలు, కేసులు అన్నీ తల్లివైపోతాయి. గేటు మీది రెండో బోర్డు ఆ సాయంత్రమే దించేయొచ్చు. లారీల ఆర్సీ పుస్తకాల్లో పేరు మార్పించడానికి మాత్రం ఆర్టీయే ఆఫీసుకు వెళ్లాలి. ఒక్కో లారీకీ విడివిడిగా!