వార్తల్లో పదం: రికవరీ ఫీజు

బెట్టింగ్‌లో పోయిన డబ్బు వెనక్కి తెప్పిస్తామని ముందుగా గుంజే సొమ్మే రికవరీ ఫీజు. ఈ వల టెలిగ్రామ్, వాట్సాప్ గ్రూపుల్లో మొదలవుతుంది.

టిప్‌స్టర్ దగ్గర 800 నంబర్లు ఉన్నాయనుకుందాం. మొదటి మ్యాచ్‌కి 400 మందికి ఒక జట్టు పేరు, మిగతా 400 మందికి రెండో జట్టు పేరు పంపుతాడు. తప్పు జోస్యం అందినవాళ్లను వదిలేసి, మిగిలినవాళ్లను మళ్లీ సగం చేస్తాడు. మూడు మ్యాచ్‌లయ్యాక 100 మందికి మూడూ నిజమైనట్టే కనిపిస్తాయి. వాళ్లలో ఒకడు నౌపడలో ఉప్పుమడుల పనికి వెళ్లే కుర్రాడే కావచ్చు. వాడి ఫోన్‌లో ఒక్క తప్పూ లేదు, నమ్మక ఏం చేస్తాడు? నాలుగోసారి 'ఫిక్స్‌డ్ మ్యాచ్ రిపోర్టు'కి 5,000 అడుగుతారు. అది కొని, అప్పుచేసి పందెం కాస్తాడు. ఓడిపోతాడు.

కొన్నాళ్లకు మరో ఫోన్. 'సైబర్ సెల్ నుంచి. మీ 60,000 దొరికింది, పది శాతం కడితే విడుదల చేస్తాం.' పోయిన మొత్తం వాళ్లకెలా తెలుసు? ఎవరెంత పోగొట్టుకున్నారో ఆ జాబితా మోసగాళ్ల దగ్గరే ఉంటుంది, చేతులూ మారుతుంది. 6,000 కట్టగానే పన్ను పేరుతో ఇంకొకటి అడుగుతారు.

ఆంధ్రప్రదేశ్‌లో 2020 సవరణతో ఆన్‌లైన్ బెట్టింగ్ నేరమైంది. ఆ భయంతోనే బాధితులు నోరు విప్పరు, మోసగాడి ధైర్యమూ అదే. నాకు బాధ కలిగించేది ఈ మౌనమే. సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయడానికి రూపాయి కూడా కట్టక్కర్లేదు. వెంటనే చేస్తే డబ్బు చేరిన ఖాతాను బ్యాంకు ఆపే వీలుంటుంది.