ఫైలు మెయిల్లో, పాస్‌వర్డ్ ఫోన్లో

"పాన్ కార్డు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేశాను. పాస్‌వర్డ్ కింద ఇచ్చాను." ఆడిటర్లకు రోజూ వచ్చే మెయిళ్లలో ఇలాంటివి ఎన్నో. మరికొందరు ఇంకొంచెం జాగ్రత్తపడి, పాస్‌వర్డ్‌ను రెండు నిమిషాల తర్వాత వేరే మెయిల్లో పంపుతారు. ఆ మెయిల్ పెట్టె ఎవరి చేతికైనా చిక్కితే రెండో మెయిల్ కూడా అందులోనే ఉంటుంది కదా!

జపాన్ కార్యాలయాల్లో ఈ రెండు మెయిళ్ల పద్ధతి ఏళ్ల తరబడి ఆచారంలా సాగింది. అక్కడ పీడీఎఫ్‌కు బదులు ఎక్కువగా జిప్ ఫైళ్లు వాడేవారు. దీనివల్ల భద్రత ఏమీ పెరగలేదు. పైగా తాళం వేసిన ఫైలు లోపల వైరస్ ఉందో లేదో మెయిల్ తనిఖీ వ్యవస్థ చూడలేకపోయేది. చివరికి 2020 నవంబరులో అప్పటి డిజిటల్ మంత్రి తకుయా హిరాయి, క్యాబినెట్ కార్యాలయాల్లో ఈ పద్ధతిని ఆపేస్తున్నట్టు ప్రకటించారు.

అమెరికాలో ఉండే ఒకాయన గుంటూరులో స్థలం అమ్మాడనుకుందాం. పన్ను లెక్కల కోసం పాస్‌పోర్టు, పాన్, స్టేట్‌మెంటు ఇక్కడి ఆడిటర్‌కు పంపాలి. ఆడిటర్ మెయిల్ పెట్టెలో ఆ కాగితాలు ఏళ్ల తరబడి ఉండిపోతాయి. ఆ ఖాతాను ఎప్పుడో ఎవరో దొంగిలించినా, పాస్‌వర్డ్ అందులో లేకపోతే ఫైలు తెరుచుకోదు. వేరే దారి వెతకడం అందుకే.

ఫైలుకు తాళం వేసేటప్పుడు ఒక తేడా గమనించాలి. పీడీఎఫ్‌కు రెండు రకాల పాస్‌వర్డ్‌లు ఉంటాయి. ఒకటి ఫైలు తెరవడానికి, రెండోది ప్రింటు తీయడం, కాపీ చేయడం లాంటి వాటికి అడ్డుగా. రెండోది ఒక్కటే పెడితే ఫైలును ఎవరైనా చదవగలరు, ఆ అడ్డును లెక్కచేయని సాఫ్ట్‌వేర్లు కూడా ఉన్నాయి. ఖర్చు లేకుండా చేయాలంటే లిబ్రెఆఫీస్‌లో పీడీఎఫ్‌గా ఎగుమతి చేసేటప్పుడు Security ట్యాబులో తెరిచే పాస్‌వర్డ్ పెట్టవచ్చు. కమాండ్లు అలవాటున్నవారికి qpdf ఉంది. కింది కమాండులో కోట్స్ మధ్య మొదటిది తెరిచే పాస్‌వర్డ్, రెండోది అనుమతులది.

```
qpdf --encrypt "తెరిచేది" "అనుమతులది" 256 -- a.pdf b.pdf
```

పంపేముందు ఆ కొత్త ఫైలును బ్రౌజర్లోకి లాగి చూడండి. పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుంటే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. "నా ఫైలుకు తాళం ఉందనే అనుకున్నానే" అనేవాళ్లలో చాలామంది ఈ పరీక్ష చేయనివాళ్లే.

ఇక పాస్‌వర్డ్ ఏది పెట్టాలి? పుట్టినతేదీ మాత్రం వద్దు. ఫైలు చేతిలో ఉన్నవాడు తన కంప్యూటర్లో ఎన్నిసార్లయినా ప్రయత్నించవచ్చు, మూడు తప్పులకు లాక్ చేసే బ్యాంకు అక్కడ ఉండదు. వందేళ్ల తేదీలన్నీ కలిపినా దాదాపు 36,500. కంప్యూటర్‌కు అదొక లెక్కే కాదు. ఈ-ఆధార్ పాస్‌వర్డ్ కూడా పేరులోని మొదటి నాలుగు పెద్ద అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పేరు తెలిసినవాడికి ఊహించాల్సింది సంవత్సరం ఒక్కటే. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేసి, తాళం ఉందిలే అనుకోకూడదు.

రెండువేల మాటల జాబితా నుంచి గుడ్డిగా నాలుగు మాటలు తీస్తే దాదాపు 16 లక్షల కోట్ల అవకాశాలు ఉంటాయి, ఫోన్లో చెప్పడమూ తేలికే. తెలుగు మాటల్ని ఇంగ్లిషు అక్షరాల్లో పెడితే మాత్రం తిప్పలే: వంకాయను ఒకరు vankaya అని రాస్తే, ఇంకొకరు vankaaya అంటారు. ఒక్కో అక్షరం చెప్పాల్సిందే. తెలుగు లిపిలో పాస్‌వర్డ్ పెట్టకండి, అన్ని సాఫ్ట్‌వేర్లూ దాన్ని ఒకేలా తీసుకోవు. మరచిపోతే తిరిగి పంపే "ఫర్గాట్ పాస్‌వర్డ్" సదుపాయం పీడీఎఫ్‌కు లేదు. అసలు కాపీని మీ దగ్గరే ఉంచుకోండి.

వాట్సాప్‌లో పంపవచ్చా? మెయిల్ కన్నా మేలే. కానీ ఆడిటర్ ఆఫీసు కంప్యూటర్లో ఒక ట్యాబులో మెయిల్, పక్క ట్యాబులో వాట్సాప్ వెబ్ తెరిచి ఉంటే, ఆ కుర్చీలో కూర్చున్నవాడికి రెండూ దొరుకుతాయి. పేరుకే రెండు దారులు. ఫోన్లో నోటితో చెబితే ఏ పెట్టెలోనూ మిగలదు. అవతలివాళ్లు కాగితం మీద రాసుకుంటే ఆ కాగితాన్ని చింపేయమనండి. తెరిచాక తాళం లేని కాపీని ఆఫీసులో దాచుకుంటే మాత్రం మనం చేయగలిగింది లేదు.

కాల్ చేసే నంబరు మెయిల్లో కనబడినది కాకూడదు, ముందు నుంచి మీ ఫోన్లో ఉన్నదే వాడాలి. ముందు "మెయిల్ అందిందా సార్, ఎన్ని పేజీలు కనిపిస్తున్నాయో ఫైలు తెరిచాక చెప్పండి" అనాలి, అందిందన్నాకే పాస్‌వర్డ్ చెప్పాలి. ఆయన "నాకేమీ రాలేదండీ" అంటే అక్కడే ఆగి, పంపిన మెయిల్లో చిరునామా చూడండి. మొదటి రెండు అక్షరాలు కొట్టగానే మెయిల్ తనంతట తాను చూపిన వేరే పేరు అక్కడ ఉండవచ్చు. ఆ అపరిచితుడి దగ్గర ఉన్నది తెరుచుకోని ఫైలు. సరైన చిరునామాకు మళ్లీ పంపేటప్పుడు కొత్త పాస్‌వర్డ్ పెట్టండి, పాతదాన్ని ఎవరికీ చెప్పకండి.