ఒకే తాడు, ఎక్కువ నేల

కోతలయ్యాక ధాన్యం దాచుకోవడానికి కోస్తా పల్లెల్లో పురి కట్టేవారు. ఎండుగడ్డిని పేని పొడవాటి తాడు చేసి, దాన్ని వరస మీద వరసగా చుట్టుకుంటూ, లోపల వడ్లు పోసుకుంటూ పైకి లేపేవారు. పురి ఎప్పుడూ గుండ్రంగానే ఉండేది. నాలుగు పలకలుగా కట్టాలని చూసినా అలా నిలవదు. వడ్లు నాలుగు వైపులా నెడతాయి, గోడలు మధ్యలో ఉబ్బుతాయి, మూలలు లోపలికి జరుగుతాయి. గడ్డితాడు పెద్దగా సాగదు కాబట్టి చుట్టుకొలత మారదు, ఆకారమే మారుతుంది. లోపల చోటు పెరిగేకొద్దీ వడ్లు కిందికి దిగుతాయి. ఇంకే మాత్రం చోటు పెరగని ఆకారం వచ్చాక కదలిక ఆగిపోతుంది. ఆ ఆకారమే వృత్తం.

వడ్లకు తెలిసిన ఈ సంగతి మనకు అంకెల్లో కూడా కనిపిస్తుంది. 100 మీటర్ల తాడు తీసుకుని 40 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పుతో నేలను చుడితే లోపల 400 చదరపు మీటర్లు వస్తాయి. పొడవు 30, వెడల్పు 20 చేస్తే 600. నాలుగు వైపులా 25 చేస్తే 625. అదే తాడుతో మూడు భుజాలూ సమానమైన త్రిభుజం వేస్తే 481 దగ్గర ఆగుతుంది. ఆరు సమాన భుజాలతో తేనెపట్టు గదిలా వేస్తే దాదాపు 722 వస్తుంది. 12 భుజాలతో అయితే సుమారు 777. వృత్తంగా పరిస్తే 795.8. మూలలు పెరిగి, మొన తగ్గేకొద్దీ నేల పెరుగుతోంది.

అంకెలు ఇలా వరసగా పెరగడం చూస్తే నమ్మకం కలుగుతుంది కానీ, కారణం తెలియదు. మనం ఆరేడు ఆకారాలే చూశాం. తాడును వంచడానికి లెక్కలేనన్ని దారులున్నాయి. వాటిలో ఏ ఒక్కటీ వృత్తాన్ని మించదని చెప్పాలంటే ఒక్కొక్క ఆకారాన్నీ కొలుచుకుంటూ కూర్చుంటే కుదరదు. స్విట్జర్లాండ్ రైతు కుటుంబంలో 1796లో పుట్టి, 14 ఏళ్లు వచ్చేదాకా రాయడమే నేర్చుకోని యాకోబ్ స్టైనర్ ఈ ప్రశ్నను తిరగేసి పట్టుకున్నాడు. వృత్తం గొప్పదని నిరూపించే బదులు, వృత్తం కాని ఏ ఆకారాన్ని ఇచ్చినా, చుట్టుకొలత మార్చకుండానే దాన్ని మెరుగుపరిచి చూపిస్తానన్నాడు. దానికి అద్దం, కత్తెర, కీలు చాలు.

మొదటిది అద్దం పని. ఆకారానికి ఎక్కడైనా లోపలికి సొట్ట ఉందనుకోండి. సొట్టకు రెండు అంచుల మీద ఆనేలా ఒక కర్రను పెట్టి, సొట్టపడిన తాడు ముక్కను ఆ కర్రకు అవతలివైపు, అద్దంలో కనిపించినట్టుగా తిప్పేయండి. తాడు ముక్క పొడవు అంతే ఉంది. కానీ ఇంతకుముందు బయట ఉండిపోయిన నేల లోపలికి వచ్చింది, దానితో పాటు అంతే నేల అదనంగానూ వచ్చింది. కాబట్టి సొట్ట ఉన్న ఏ ఆకారమూ అన్నిటికన్నా గొప్పది కాలేదు.

రెండోది కత్తెర పని. సొట్టలేని ఆకారం మీద ఒక చోట అ అని గుర్తు పెట్టి, అక్కడినుంచి తాడు వెంట సరిగ్గా సగం దూరం నడిచి ఆ అని గుర్తు పెట్టండి. ఈ రెంటినీ కలుపుతూ తిన్నని గీత గీస్తే ఆకారం రెండు ముక్కలవుతుంది. రెండు ముక్కలకూ తాడు సమానంగా, 50 మీటర్లు చొప్పున, వచ్చింది. లోపలి నేల మాత్రం ఒకదానికి ఎక్కువ, ఒకదానికి తక్కువ ఉండవచ్చు. అప్పుడు చిన్న ముక్కను తీసేసి, పెద్ద ముక్కకు గీత మీద అద్దం పెట్టి దాని ప్రతిబింబాన్నే రెండో సగంగా పెట్టుకుంటే సరి. తాడు పెరగలేదు, నేల పెరిగింది. కనుక అన్నిటికన్నా గొప్ప ఆకారంలో రెండు ముక్కలకూ నేల సమానంగానే ఉండాలి. ఇక మొత్తం ఆకారాన్ని చూడనక్కర్లేదు. 50 మీటర్ల తాడు ఒక తిన్నని గీతతో కలిసి ఎక్కువ నేలను ఎలా మూస్తుందో తేలిస్తే చాలు.

మూడోది కీలు పని. స్టైనర్ ఆలోచనకు ప్రాణం ఇక్కడే ఉంది. దీన్ని అట్టముక్కతో చేసి చూస్తే బాగా బోధపడుతుంది. సగం ఆకారాన్ని అట్ట మీద కత్తిరించండి. అడుగున అ నుంచి ఆ దాకా తిన్నని అంచు, పైన వంపు. వంపు మీద మీకిష్టమైన చోట ఇ అని గుర్తు పెట్టి, అక్కడినుంచి అ దాకా ఒక గీత, ఆ దాకా ఒక గీత గీయండి. ఇప్పుడు అట్ట మీద మూడు భాగాలున్నాయి. మధ్యలో త్రిభుజం, దానికి రెండు పక్కలా నెలవంకల్లాంటి ముక్కలు. త్రిభుజాన్ని కత్తిరించి పారేసి, రెండు నెలవంకలనూ ఇ దగ్గర గుండుసూదితో కలపండి. ఆ సూదే కీలు. రెండు ముక్కలూ ఇప్పుడు కత్తెర కాళ్లలా తెరుచుకుంటాయి, మూసుకుంటాయి.

వాటిని తెరుస్తూ మూస్తూ ఏం మారుతోందో గమనించండి. వంపు పొడవు మారదు, అది నెలవంకలకు అంటుకునే ఉంది. నెలవంకల వైశాల్యమూ మారదు, అవి అట్టముక్కలు. మధ్యలో త్రిభుజం ఉండిన ఖాళీ ఒక్కటే మారుతుంది. కాబట్టి పెద్ద ప్రశ్న చిన్నదైపోయింది: రెండు భుజాల పొడవులు ఇచ్చి, వాటి మధ్య కోణాన్ని మనకు వదిలేస్తే, త్రిభుజం ఎప్పుడు పెద్దదవుతుంది?

ఒక భుజాన్ని నేల అనుకోండి. రెండోది నేల మీద ఒక చివర కీలుతో బిగించిన కర్ర. త్రిభుజం వైశాల్యం నేల పొడవును కర్ర కొన ఎత్తుతో గుణించి సగం చేస్తే వస్తుంది. నేల పొడవు మారదు గనక ఎత్తే ముఖ్యం. కర్ర ఇటు వాలినా అటు వాలినా కొన కిందికి దిగుతుంది, నిటారుగా నిలబడ్డప్పుడే అన్నిటికన్నా పైన ఉంటుంది. భుజాలు 6, 8 సెంటీమీటర్లయితే 30 డిగ్రీల దగ్గర వైశాల్యం 12, 60 దగ్గర దాదాపు 20.8, 90 దగ్గర 24, 120 దగ్గర మళ్లీ 20.8. అంటే లంబకోణం దగ్గరే ఎక్కువ.

దీన్నిబట్టి, ఇ దగ్గర కోణం 90 డిగ్రీలు కాకపోతే, కీలును తిప్పి 90కి తెస్తే నేల పెరుగుతుంది. ఆ కొత్త సగానికి అద్దం పెట్టి రెండో సగం చేసుకుంటే మొత్తం ఆకారం మెరుగవుతుంది. ఇ ని మనం ప్రత్యేకంగా ఎంచుకోలేదన్నది మరవకూడదు. వంపు మీద ఏ చోటైనా ఇదే మాట. కాబట్టి ఇక మెరుగుపరచడానికి వీల్లేని ఆకారంలో, వంపు మీద ఎక్కడ నిలబడి చూసినా అ, ఆ ల మధ్య సరిగ్గా లంబకోణమే కనబడాలి.

అలాంటి వంపు అర్ధవృత్తం ఒక్కటే. ఎందుకో చూడటం కష్టం కాదు. లంబకోణ త్రిభుజాన్ని రెట్టింపు చేస్తే దీర్ఘచతురస్రం అవుతుంది, అ నుంచి ఆ దాకా ఉన్న గీత దానికి కర్ణం. దీర్ఘచతురస్రంలో రెండు కర్ణాలూ సమానం, ఒకదాన్నొకటి సరిగ్గా మధ్యలో ఖండించుకుంటాయి. అందువల్ల ఇ నుంచి ఆ మధ్యబిందువుకు ఉన్న దూరం కర్ణంలో సగం. వంపు మీద ఏ బిందువు తీసుకున్నా ఇదే దూరం. ఒక బిందువు నుంచి అన్నీ సమదూరంలో ఉంటే అది వృత్తమే కదా.

ఇంత అందమైన వాదంలో ఒక బెజ్జం ఉంది. వృత్తం కానిదాన్ని మెరుగుపరచవచ్చని స్టైనర్ చూపాడు. అన్నిటికన్నా గొప్ప ఆకారం ఒకటి అసలు ఉందని మాత్రం చూపలేదు, ఉందని అనుకుని ముందుకు సాగాడు. అది ఎంత ప్రమాదమో ఒక చిన్న ఉదాహరణ చెబుతుంది. 1, 2, 3 అంటూ పోయే సంఖ్యల్లో ఒకటి తప్ప ఏ సంఖ్యనైనా దానితోనే గుణిస్తే పెద్దదవుతుంది. మెరుగుపడనిది ఒకటే, కాబట్టి అన్నిటికన్నా పెద్ద సంఖ్య ఒకటి అనవచ్చా? తప్పు ఎక్కడంటే, అన్నిటికన్నా పెద్ద సంఖ్యే లేదు. తర్వాత బెర్లిన్‌లో కార్ల్ వైర్‌స్ట్రాస్ తన పాఠాల్లో ఈ లోటు లేని నిరూపణ ఇచ్చాడు.

మనం ఆ బెజ్జాన్ని తాడుకు మూలలు పెట్టి పూడ్చుకోవచ్చు. మూలల సంఖ్య ముందే నిర్ణయించుకుందాం, వంద అనుకోండి. తాడు 100 మీటర్లే గనక ఏ రెండు మూలల మధ్యా 50 మీటర్లకు మించి దూరం ఉండదు. సంఖ్యలు పారిపోయినట్టు ఇవి ఎక్కడికీ పారిపోలేవు. నేల పెరిగేలా వాటిని జరుపుకుంటూ పోతే వంద బిందువులూ చివరకు ఏదో ఒక అమరికకు చేరువ కావాల్సిందే. అంటే ఇక్కడ గొప్ప ఆకారం నిజంగా ఉంది. పక్కపక్క భుజాలు సమానం కాకపోతే సమానం చేసి మెరుగుపరచవచ్చు, మూలలన్నీ ఒకే వృత్తం మీద లేకపోతే కీలు తిప్పి మెరుగుపరచవచ్చు. కాబట్టి గెలిచేది వంద సమాన భుజాలతో వృత్తంలో ఒదిగే బహుభుజి. దాని వైశాల్యం 795.5 చదరపు మీటర్లు, వృత్తం కన్నా కొంచెమే తక్కువ. మూలలు వెయ్యికి, లక్షకు పెంచినా 795.8 గీతను దాటవు. వంపులున్న ఏ ఆకారాన్నైనా ఇలాంటి చిన్న చిన్న భుజాలతో కావలసినంత దగ్గరగా అనుసరించవచ్చు కనుక అదీ ఆ గీతను దాటలేదు. సమాన భుజాల బహుభుజికే గెలుపన్న సంగతిని క్రీస్తుకు పూర్వమే గ్రీకు గణితవేత్త జెనోడోరస్ వాదించాడు.

చివరగా ఈ వాదాన్ని నేల మీదకు తెద్దాం. తిన్నని కాలువ గట్టు పక్కన 100 మీటర్ల తాడుతో గొర్రెలకు దడి కట్టాలి, గట్టు వైపు దడి అక్కర్లేదు. కార్తేజ్ నగరాన్ని కట్టిందని చెప్పే డిడో రాణి కథలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. ఎద్దుతోలును సన్నని పట్టీలుగా కోసి వాటితో ఎంత నేల చుట్టగలిగితే అంత ఆమెదని ఒప్పందం. మన గట్టు దగ్గర పలకగా కడితే, గట్టు వెంట 50, లోపలికి 25 చొప్పున, 1250 చదరపు మీటర్లు వస్తాయి. గట్టు మీద అద్దం నిలబెట్టి చూడండి. దడి, దాని ప్రతిబింబం కలిసి 200 మీటర్ల చుట్టుకొలత ఉన్న ఒకే ఆకారంగా కనబడతాయి. దానికి గొప్ప రూపం వృత్తం, కాబట్టి దడికి గొప్ప రూపం అర్ధవృత్తం. నేల 1591 చదరపు మీటర్లు దాటుతుంది.

సరిగ్గా కుదిరిందో లేదో కొలవడానికి లెక్కలేమీ అక్కర్లేదు. దడిలో ఏ గుంజ దగ్గరైనా నిలబడి, గట్టున ఉన్న రెండు చివరి గుంజల వైపు చెరో తాడు లాగి, మధ్యలో వడ్రంగి మూలమట్టం ఆనించండి. కోణం మూలమట్టం కన్నా ఇరుకుగా ఉంటే చివరి గుంజలను ఎడం చేయాలి, వెడల్పుగా ఉంటే దగ్గరికి జరపాలి. ఏ గుంజ దగ్గరైనా మూలమట్టం సరిగ్గా కూర్చుందంటే, ఆ తాడుతో అంతకన్నా ఎక్కువ నేల ఇక ఎవరూ చుట్టలేరు.