మోటారు లేదనకుండా ఉండాలంటే ఎన్ని మోటార్లు?

బోర్ల మీద బతికే జిల్లాల్లో సబ్‌మెర్సిబుల్ మోటార్లు అమ్మే డీలర్ని గోదాములో ఎంత సరుకు ఉంచుతారని అడిగితే, చాలామంది చెప్పేది నోటిలెక్క: “నెల రోజులకు సరిపడా అదనంగా పెట్టుకుంటాం.” వినడానికి జాగ్రత్తగానే ఉంటుంది. కానీ ఈ లెక్కలో లోపం ఒకటుంది. వారానికి కచ్చితంగా పన్నెండు మోటార్లే పోయే షాపుకీ, ఒక వారం ఏడు, మరో వారం పద్దెనిమిది పోయే షాపుకీ ఇది ఒకే సమాధానం చెబుతుంది. మొదటి షాపుకి అదనపు నిల్వ దాదాపు అక్కర్లేదు. రెండో షాపుకి కావాలి. ఎంత కావాలో అమ్మకాల సగటు చెప్పదు, వాటి ఒడిదుడుకులు చెబుతాయి. ఆ అదనపు నిల్వకే వ్యాపార భాషలో సేఫ్టీ స్టాక్ అని పేరు.

అనంతపురం లాంటి జిల్లా కేంద్రంలో ఒక డీలరు ఉన్నాడనుకుందాం. ఇక్కడి అంకెలు లెక్క అర్థమవడానికి వేసుకున్నవి. 5 హెచ్‌పీ మోటారు ఒక్కటే తీసుకుందాం. గత ఎనిమిది వారాల అమ్మకాలు వరసగా 11, 16, 9, 14, 7, 18, 12, 9. మొత్తం 96, అంటే వారానికి సగటున 12. సరుకు వచ్చేది పంపుసెట్లకు పేరున్న కోయంబత్తూరు నుంచి. ఆర్డరు పెట్టాక కంపెనీలో వరస రావాలి, లారీకి లోడు నిండాలి, బండి వచ్చి షాపు ముందు దిగాలి. అన్నీ కలిపి నాలుగు వారాలు. ఈ వ్యవధిని లీడ్ టైమ్ అంటారు.

నాలుగు వారాల్లో సగటున 48 మోటార్లు పోతాయి. గోదాములో 48 మిగిలినప్పుడు కొత్త ఆర్డరు పెడితే, లారీ వచ్చేసరికి నిల్వ సరిగ్గా సున్నాకు రావాలి. అయితే సగటు అంటేనే కొన్నిసార్లు ఎక్కువ, కొన్నిసార్లు తక్కువ. కాబట్టి దాదాపు సగం సార్లు లారీ రాకముందే సరుకు అయిపోతుంది. మోటారు కాలిపోయి, పైరు ఎండుతున్న రైతు వచ్చే వారం దాకా ఆగడు, పక్క షాపుకి వెళతాడు.

ఇప్పుడు ఒడిదుడుకులను కొలవాలి. ప్రతి వారం అమ్మకం సగటుకు ఎంత దూరంలో ఉందో చూసి, ఆ దూరాలను వర్గం చేసి కూడితే 100 వస్తుంది. దాన్ని వారాల సంఖ్యలో ఒకటి తగ్గించి, అంటే ఏడుతో భాగించి, వర్గమూలం తీస్తే దాదాపు 3.8. ఇదే స్టాండర్డ్ డీవియేషన్. ఇది ఒక వారానికి. నాలుగు వారాలకు దీన్ని నాలుగుతో హెచ్చించకూడదు. నాలుగు వారాలూ వరసగా ఎక్కువే పోవడం అరుదు. ఒక వారం పెరిగితే మరో వారం తగ్గి కొంత సర్దుకుంటుంది. అందుకే నాలుగుకు వర్గమూలమైన రెండుతో హెచ్చిస్తాం. వచ్చేది సుమారు 7.6.

మిగిలింది డీలరు తేల్చుకోవలసిన విషయం: వంద ఆర్డర్లలో ఎన్నిసార్లు సరుకు అయిపోకుండా ఉండాలి? 95 సార్లు అంటే సర్వీస్ లెవెల్ 95 శాతం. గంట ఆకారంలో ఉండే సాధారణ విభజన పట్టిక ప్రకారం 95 శాతానికి గుణకం 1.645. దాన్ని 7.6తో హెచ్చిస్తే పన్నెండున్నర దరిదాపు. అరమోటారు ఉండదు కనుక 13. ఇదే సేఫ్టీ స్టాక్. దీనికి 48 కలిపితే 61. గోదాములో మోటార్లు 61కి దిగిన రోజునే కోయంబత్తూరుకి ఆర్డరు వెళ్లాలి. నిల్వ ఒక మట్టానికి దిగగానే ఆర్డరు పెట్టే ఈ పద్ధతిని ఆర్. హెచ్. విల్సన్ 1934లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ వ్యాసంలో వివరించాడు. ఇప్పుడు కంప్యూటర్లో అమ్మకాలు B2 నుంచి B9 వరకు వేసుకుంటే ఒక్క వరస చాలు:

```
=ROUNDUP(NORM.S.INV(0.95)*STDEV.S(B2:B9)*SQRT(4),0)
```

95 ఎందుకు, 99 పెట్టుకోవచ్చు కదా? పెట్టుకోవచ్చు, దానికి ఖర్చుంది. మోటారు కొనుగోలు ధర 20,000 రూపాయలు అనుకుందాం. అందులో ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ, గోదాము అద్దె, బీమా, దెబ్బతినడం, కొత్త మోడల్ వస్తే పాతది తగ్గించి అమ్ముకోవడం అన్నీ కలిపి ఏడాదికి ధరలో 20 శాతం అనుకుంటే, ఒక మోటారును ఏడాది పొడవునా ఉంచుకోవడానికి 4,000 రూపాయలు. మామూలు సరుకు లారీ వచ్చినప్పుడు 48 ఉండి, మళ్లీ లారీ వచ్చేసరికి కరిగిపోతుంది. దాని సగటు నిల్వ 24 మాత్రమే. సేఫ్టీ స్టాక్ అలా కరగదు. ఒక ఆర్డరులో తగ్గినా తర్వాతి దానిలో భర్తీ అవుతుంది. అందుకే దాని మోత ఖర్చు సగానికి కాకుండా మొత్తానికీ లెక్కకట్టాలి. పదమూడు మోటార్లకు ఏడాదికి 52,000.

90 శాతం చాలనుకుంటే 10 మోటార్లు, ఖర్చు 40,000. 99 శాతం కావాలంటే 18 మోటార్లు, 72,000. 99.9 అంటే 24 మోటార్లు, 96,000. నూటికి నూరు శాతానికి ఈ సూత్రంలో అంకే లేదు, ఎన్ని మోటార్లు పెట్టినా చాలవు. 90 నుంచి 95కి ఎక్కడానికి మూడు మోటార్లు సరిపోయాయి. 99 నుంచి 99.9కి, ఒక్క శాతం కూడా కాని ఆ మెట్టుకి, ఆరు పట్టాయి.

ఇందులో చాలామంది తికమకపడే చోటు ఇంకొకటుంది. 95 శాతం అంటే వంద మంది రైతుల్లో ఐదుగురు ఖాళీ చేతులతో వెళతారని కాదు. వంద ఆర్డర్లలో ఐదింటిలో, లారీ వచ్చే ముందు చివరి రోజుల్లో సరుకు అయిపోతుందని. ఏడాదికి పదమూడు ఆర్డర్లు కనుక మూడేళ్లలో దాదాపు రెండుసార్లు. అలా అయిపోయినప్పుడు పోయే బేరాలు కూడా కొన్నే. ఈ డీలరు ఏడాదికి అమ్మే 624 మోటార్లలో 95 శాతం దగ్గర పోగొట్టుకునేవి సుమారు రెండు. 90 శాతం దగ్గర నాలుగున్నర. 99 శాతం దగ్గర మూడేళ్లకొకటి.

ఇప్పుడు ధర కట్టవచ్చు. 90 నుంచి 95కి వెళ్లి ఏడాదికి రెండున్నర బేరాలు కాపాడుకోవడానికి 12,000 పెడుతున్నాడు, అంటే బేరానికి దాదాపు ఐదు వేలు. 95 నుంచి 99కి వెళితే ఒక్కో బేరాన్ని కాపాడటానికి దాదాపు పన్నెండు వేలు. మోటారుతో పాటు కేబులు, పైపులు, స్టార్టరు అమ్మగా మిగిలే లాభం ఐదారు వేలైతే 95 దగ్గర ఆగడం తెలివైన పని. ఒకసారి లేదనిపించుకుంటే ఆ ఊరి రైతులంతా పక్క షాపుకి అలవాటు పడతారనుకుంటే ఇంకాస్త పైకి వెళ్లవచ్చు. “మా దగ్గర ఎప్పుడూ ఉంటుంది” అని బోర్డు రాయించే ముందు ఈ లెక్క ఒకసారి వేసుకోవడం మంచిది.

ఇంతవరకు లారీ సరిగ్గా నాలుగు వారాలకే వస్తుందనుకున్నాం. అసలు నొప్పి అక్కడే ఉంది. లారీ ఒకసారి మూడు వారాలకు, ఒకసారి ఐదు వారాలకు వస్తూ, ఆ తేడా స్టాండర్డ్ డీవియేషన్ ఒక వారం ఉంటే రెండు ఒడిదుడుకులనూ కలపాలి. కలపడం వర్గాల రూపంలో జరుగుతుంది. అమ్మకాల వైపు నుంచి వచ్చేది 57. లారీ వైపు నుంచి వచ్చేది, వారపు సగటు 12ని ఒక వారంతో హెచ్చించి వర్గం చేస్తే, 144. మొత్తం 201, వర్గమూలం 14.2. దీన్ని 1.645తో హెచ్చిస్తే 13 కావలసిన చోట 24 మోటార్లు కావాలి. లారీ మాట తప్పినందుకు పదకొండు మోటార్లు, ఏడాదికి 44,000 అదనం. నిల్వ పెరిగితే డీలర్లు రైతుల మీద, వానల మీద నెపం పెడతారు గానీ, ఇక్కడ లారీ వాటా రైతుల వాటాకి రెండున్నర రెట్లు.

దీన్ని సరిచేయడానికి రెండు దారులు. లారీ రెండు వారాలకే వచ్చేలా మాట్లాడుకుని, ఆ వారం తేడాను అలాగే వదిలేస్తే 24 కాస్తా 22 అవుతుంది. అంతే. నాలుగు వారాలు అలాగే ఉంచి, తేడాను మాత్రం అర వారానికి తగ్గిస్తే 16కి దిగుతుంది. తొందరగా పంపమని పోట్లాడటం కన్నా చెప్పిన రోజుకి పంపమని పోట్లాడటమే లాభం. కొనుగోలు బేరాల్లో ఈ మాట అడిగేవాళ్లు తక్కువ. ధర మీద నూరు రూపాయల కోసం గంట వాదిస్తారు.

సూత్రం ఎక్కడ మోసం చేస్తుందో కూడా తెలియాలి. వేసవిలో నీళ్లు దిగిపోయి, మోటార్లు కాలిపోయే నెలల అమ్మకాలనూ, వానాకాలపు నెలల అమ్మకాలనూ కలిపేస్తే స్టాండర్డ్ డీవియేషన్ అనవసరంగా ఉబ్బుతుంది. ముందే ఊహించగలిగిన పెరుగుదల ఒడిదుడుకు కిందికి రాదు. అందుకని అంచనా వేసిన అమ్మకానికీ జరిగిన అమ్మకానికీ మధ్య తేడాను కొలవాలి. షాపులో సరుకే లేని వారం పుస్తకంలో మూడు అని పడుతుంది. ఆ వారం గిరాకీ మూడు కాదు, ఉన్నవి మూడే. అలాంటి వారాలను తీసేయాలి, లేకపోతే లెక్క తక్కువ చూపించి మళ్లీ కొరత తెస్తుంది. ఒక కాంట్రాక్టరు ఒకేసారి పది మోటార్లు కొన్న వారాన్ని కూడా పక్కన పెట్టి, అలాంటి ఆర్డర్లకు విడిగా సరుకు తెప్పించడం మేలు. నెలకు ఒకటో రెండో పోయే పెద్ద మోటార్లకు ఈ గంట ఆకారపు పట్టిక అసలు సరిపోదు, వాటికి పాయిసన్ పట్టిక చూడాలి. ఎనిమిది వారాల అంకెలు కూడా నిజానికి తక్కువే. ఇక్కడ లెక్క సులువుగా కనబడాలని అన్నే తీసుకున్నాం, షాపులో కనీసం ఏడాది లెక్కలు చూడాలి.

వేసిన అంకె సరైనదో కాదో గోదామే చెబుతుంది. లారీ దిగే ముందు మిగిలిన మోటార్లను ప్రతిసారీ రాసుకుంటే, వాటి సగటు సేఫ్టీ స్టాక్‌కు దగ్గరగా ఉండాలి. పదమూడు అనుకున్న చోట ఎప్పుడూ ముప్పై కనిపిస్తుంటే డబ్బు ఊరికే పడుకుని ఉంది. కొన్నిసార్లు రెండు, మూడుకి దిగితే భయపడనక్కర్లేదు, అది వాడుకోవడానికే పెట్టిన సరుకు.

ఈ లెక్కకు కావలసిన వాటిలో అమ్మకాలు బిల్లు పుస్తకంలో ఎలాగూ ఉంటాయి. చాలా షాపుల్లో ఎక్కడా లేనివి ఆర్డరు పెట్టిన తేదీ, సరుకు దిగిన తేదీ. మీది ఏ వ్యాపారమైనా ఈ రెండు తేదీలనూ ఇవాళ్టి నుంచే ఒక రిజిస్టరులో రాయడం మొదలుపెట్టండి.